ఎస్సార్ నగర్‌లో జిమ్మా, యోగానా, పార్కా: డబ్బు కట్టేముందు చూడాల్సినవి

నమస్కారమండీ. మేం హైదరాబాద్ ఎస్సార్ నగర్‌లో ఉంటాం. నాకు 44 ఏళ్లు. హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది, డాక్టరుగారు వ్యాయామం మొదలుపెట్టమన్నారు. మెట్లు దిగుతుంటే కుడి మోకాలు నొప్పి. మా ఆవిడకి 39, బీపీ మాత్ర వాడుతోంది. ఇంటికి 600 మీటర్లలో సెల్లార్‌లో జిమ్ ఉంది. మూణ్ణెల్లకి 4,500, ఏడాదికి 12,000. ఏడాది ఆఫర్ ఈ ఆదివారంతో ఆఖరట. పక్క వీధిలో పొద్దున 6 గంటలకి యోగా క్లాసు, నెలకి 1,500. పార్కు కిలోమీటరున్నర దూరం. నేను 8.45కి ఆఫీసుకి బయల్దేరాలి, తిరిగొచ్చేసరికి రాత్రి 7.30. దేంట్లో చేరమంటారు?

ఆదివారంలోపు ఏడాది డబ్బు మాత్రం కట్టకండి. ఈ వారం మూడు చోట్లకీ ఒక్కోసారి వెళ్లి రండి, అదీ మీరు రోజూ వెళ్లబోయే గంటకే. జిమ్ వాళ్లు మధ్యాహ్నం మూడింటికి తిప్పి చూపిస్తే అది చల్లగా, ఖాళీగా కనిపిస్తుంది. మీరు వెళ్లేది రాత్రి ఎనిమిదికి. పార్కుని ఆదివారం ఎనిమిదింటికి చూస్తే పిల్లాపాపలతో సందడిగా ఉంటుంది. మీరు వెళ్లేది మామూలు రోజున పొద్దున్నే. చేరిన నెలకే మానేసేవాళ్లలో చాలామంది చూసిన గంట ఒకటి, వెళ్లిన గంట ఒకటి.

ముందు మీకేం కావాలో చూద్దాం. 6.1 అంటే షుగరు ముందు దశ (5.7 నుంచి 6.4 దాకా ఆ లెక్కే). ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు వేడెక్కే నడకలాంటి శ్రమ, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకి బరువు పని. మీ విషయంలో రెండోది కూడా ముఖ్యమే. తిన్న తర్వాత రక్తంలో చేరే చక్కెరలో పెద్ద భాగాన్ని కండరాలు పీల్చుకుంటాయి. పార్కు మొదటి అవసరం తీరుస్తుంది, జిమ్ రెండోది తీరుస్తుంది. నెమ్మదిగా సాగే యోగా క్లాసు ఈ రెండిటికీ పూర్తిగా సరిపోదు, దాని ఉపయోగం వేరు. కాబట్టి ఒకదాన్నే ఎంచుకోవాలని పట్టుబట్టకండి. మీకు ఒక జోడీ, మీ ఆవిడకి ఇంకో జోడీ కుదరొచ్చు.

ఇక దూరం. మీటర్లు పక్కనపెట్టి, గడియారం పట్టుకోండి. ఇంటి గుమ్మం దాటిన క్షణం నుంచి మళ్లీ గుమ్మంలోకి వచ్చేదాకా మొత్తం ఎంతో కొలవండి. పార్కు కిలోమీటరున్నర అంటే మామూలు నడకన పోను 18 నుంచి 20 నిమిషాలు, రాను అంతే. పార్కులో 30 నిమిషాలు నడిస్తే మొత్తం 70 నిమిషాలు. ఆరుంబావుకి బయల్దేరితే ఏడున్నరకల్లా ఇంట్లో ఉంటారు, 8.45కి ఇబ్బంది లేదు. పైగా ఆ దారి గట్టిగా నడవదగ్గదైతే పోనురాను 40 నిమిషాలే మీ వ్యాయామం, పార్కు దాకా వెళ్లేది చెట్ల కింద నాలుగు చుట్లు తిరగడానికే. అదే దారిలో రెండు చోట్ల రోడ్డు దాటాల్సి వచ్చి, ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరూ, టిఫిన్ బండీ, ఆపిన బైకులూ ఉంటే, ప్రతిసారీ రోడ్డు మీదకి దిగాల్సి వస్తుంది. అలాంటి దారిలో వేగం నిలవదు, అడుగు ఎక్కడ పడుతుందో చూసుకోవడంతోనే సరిపోతుంది. అప్పుడు బండి మీద వెళ్లి పార్కులోనే 40 నిమిషాలు నడవడం మేలు, అయితే బండి ఎక్కడ పెడతారో కూడా ఆ గంటకే చూడాలి. జిమ్ 600 మీటర్లంటే పోను ఏడెనిమిది నిమిషాలు. రాత్రి 7.30కి వచ్చి, బట్టలు మార్చుకుని, 8కి చేరి, 9కి బయటపడితే భోజనం 9.30కి. ఆ టైమ్ మీ ఇంట్లో వారానికి ఎన్ని రోజులు చెల్లుతుందో మీకే తెలియాలి. మూడు రోజుల కన్నా ఎక్కువ అనుకోకండి.

జిమ్‌కి సోమవారం రాత్రి 8కి వెళ్లండి, వారంలో రద్దీ ఎక్కువగా ఉండేది ఆ రోజే. ట్రయల్ అడగండి, ఇవ్వనంటే అదే ఒక జవాబు. లోపలికి అడుగుపెట్టగానే గాలి చూడండి. స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలి తీసుకురాదు. సెల్లార్‌లో పాతికమంది ఆయాసపడుతుంటే, గాలి లాగేసే ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఆడుతున్నాయా లేదా అన్నదే తేడా. అద్దాల మీద ఆవిరి పట్టి ఉన్నా, మెట్లు దిగుతుండగానే చెమట వాసన తగిలినా, పది నిమిషాలకి తల బరువెక్కినా గాలి మారడం లేదని అర్థం. పైకి రావడానికి రెండో దారి ఉందా, అది తాళం వేసి ఉందా, దానికి అడ్డంగా పాత మెషీన్లు పెట్టారా, చూడండి. సెల్లార్‌తో ఇంకో రెండు చిక్కులున్నాయి. బిల్డింగ్ ప్లాన్‌లో సెల్లార్‌కి అనుమతి సాధారణంగా పార్కింగ్‌కే ఉంటుంది, కార్పొరేషన్ వాళ్లు సీలు వేస్తే మీ ఏడాది డబ్బు ఓనరు దగ్గరే ఉండిపోతుంది. రెండోది, వానాకాలం నీళ్లు. గోడకి మోకాలెత్తులో చారలా పాత మరక, కింద ఉబ్బిన ప్లైవుడ్ కనిపిస్తే, నీళ్లు ఎంతదాకా వచ్చాయో అదే చెబుతుంది. అలాంటి చోట ప్లగ్గులు నేలకి ఎంత ఎత్తులో ఉన్నాయో కూడా చూసి రండి.

తర్వాత మెషీన్లు. కొత్త, పాత అని చూడకండి, రెండు చోట్ల దగ్గరగా చూస్తే చాలు. ఒకటి, పైనుంచి కిందకి లాగే మెషీన్ కేబుల్. చివర కొక్కెం దగ్గర, కప్పీ మీద వంగే చోట వేలితో పట్టుకుని చూడండి. పైన ప్లాస్టిక్ తొడుగు పగిలి లోపలి ఇనుప పోగులు కనిపిస్తే, లేదా అక్కడ కేబుల్ ఉబ్బి ఉంటే, అది ఏదో ఒక రోజు తెగుతుంది. తెగినప్పుడు కింద కూర్చున్నవాళ్ల తల మీదకే రాడ్ వస్తుంది. బరువు పలకల్లో గుచ్చే పిన్ను అసలుదా, లేక దాని చోట బోల్టో స్క్రూడ్రైవరో పెట్టారా అన్నదీ చూడండి. పిన్నుకే దిక్కు లేనిచోట కేబుల్ సంగతి అడగక్కర్లేదు.

రెండోది ట్రెడ్‌మిల్ వెనక జాగా. స్థలం తక్కువని అద్దం వైపు ముఖం పెట్టి, వెనక రెండడుగుల్లో గోడ ఉండేలా వరసగా పెడతారు. కాలు జారితే బెల్టు మిమ్మల్ని వెనక్కి విసురుతుంది. వెనక ఆరడుగుల ఖాళీ ఉంటే నేల మీద పడి దెబ్బతో బయటపడతారు. గోడ ఉంటే గోడకీ తిరుగుతున్న బెల్టుకీ మధ్య ఇరుక్కుంటారు, చర్మం ఊడొస్తుంది. అందుకే ఎర్ర క్లిప్పు తాడు ఒకటి ఉంటుంది, చొక్కాకి పెట్టుకుంటే పడగానే మెషీన్ ఆగాలి. ట్రయల్ రోజు ఎక్కి, నెమ్మదిగా నడుస్తూ ఆ తాడు లాగి చూడండి. ఆగకపోయినా, అసలు తాడే లేకపోయినా ఆ మెషీన్ ఎక్కొద్దు.

ట్రైనర్‌ని పరీక్షించడానికి ఒక్క మాట చాలు: “మెట్లు దిగుతుంటే కుడి మోకాలు నొప్పి, ఏంతో మొదలుపెడదాం?” తెలిసినవాడైతే వెంటనే జవాబు చెప్పడు. నొప్పి చిప్ప ముందా, పక్కనా, ఎప్పటినుంచి, వాపు వస్తుందా అని అడుగుతాడు. బెంచీ మీంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోమంటాడు, మోకాలు లోపలికి ఒరుగుతుందేమో చూస్తాడు. తర్వాత ఆ లేచి కూర్చోవడమే పది సార్లు, నాలుగంగుళాల మెట్టు ఎక్కి దిగడం, లెగ్ ప్రెస్‌లో మోకాలు పూర్తిగా మడవకుండా తక్కువ బరువు, ఇలా మొదలుపెడతాడు. బరువు ఎంతో కూడా ఒక లెక్క ఉంటుంది: 12 సార్లు చేశాక ఇంకో రెండు మూడు చేయగలిగేంత మిగలాలి. చేస్తున్నప్పుడు కాస్త నొప్పి తెలిసి, మర్నాడు పొద్దుటికి మామూలైపోతే పర్వాలేదు. మర్నాడు మెట్లు దిగడం ముందుకన్నా కష్టమైతే బరువో లోతో ఎక్కువైనట్టు. “ముందు నెలంతా ట్రెడ్‌మిల్, తర్వాత చూద్దాం సార్” అన్నా, మాటల్లోనే ప్రోటీన్ డబ్బా ధర చెప్పినా ఆ మనిషి దగ్గర మీ మోకాలు పెట్టకండి. మోకాలు వాచినా, మధ్యలో పట్టేసి కదలకపోయినా, నడుస్తుంటే జారిపోయినట్టు అనిపించినా జిమ్‌కి ముందు ఎముకల డాక్టరు దగ్గరికే.

డబ్బు లెక్క మీ అంకెలతోనే వేద్దాం. ఏడాది ప్యాక్ 12,000. మూణ్ణెల్లది తీసుకుంటూ పోతే 4,500, ఆరు నెలలకి 9,000, తొమ్మిదికి 13,500, ఏడాదికి 18,000. అంటే ఆరు నెలలు దాటి కొనసాగితేనే ఏడాది ప్యాక్ గెలుస్తుంది. మూణ్ణెల్లలోపు మానేస్తే 7,500 పోతుంది, ఏడాదంతా వెళ్లేవారై ఉండి మూణ్ణెల్ల చొప్పున కడితే అదనంగా పోయేది 6,000. రెండు నష్టాలూ దగ్గర దగ్గరే, కానీ మొదటిసారి చేరేవాళ్లకి మొదటిదే ఎక్కువగా జరుగుతుంది. అందుకని మూణ్ణెల్లది. “ఆదివారంతో ఆఖరు” అన్న ఆఫర్ పండక్కో, కొత్త సంవత్సరానికో వేరే పేరుతో మళ్లీ వస్తుంది, దాని గురించి దిగులు వద్దు. కట్టేటప్పుడు రసీదు మీద మూడు విషయాలు రాయించుకోండి: ఊరెళ్తే ఎన్ని రోజులు ఆపుకోవచ్చు, జిమ్ మూతపడినా మారినా మిగిలిన డబ్బు ఎలా తిరిగిస్తారు, ట్రైనర్ ఫీజు ఇందులోదేనా వేరేనా. నోటిమాట లెక్కలోకి రాదు. ఇంకొకటి, 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్, యోగా సేవల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో ఇప్పటికీ 18 వేస్తుంటే నిలదీయండి. తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

యోగా క్లాసు ఎక్కువగా మీ ఆవిడ కోసం అనుకుంటున్నాను, ఆమెకి బీపీ ఉంది గనక చూడాల్సింది కూడా అదే. మొదటి రోజు టీచరుగారు ఆరోగ్యం గురించి విడిగా అడిగారా? ఏమీ అడగకుండా చాప వేసుకోమంటే, అందరికీ ఒకే పాఠం నడుస్తుందన్నమాట. బీపీ ఉన్నవాళ్లు శీర్షాసనం, సర్వాంగాసనం లాంటి తలకిందుల ఆసనాలు, ఊపిరి బిగబట్టే కుంభకం, వేగంగా చేసే కపాలభాతి, భస్త్రిక వదిలేయాలి. “బీపీ ఉందండీ, ఇవి వస్తే నేనేం చేయాలి?” అని అడిగినప్పుడు మంచి టీచరు వాటి బదులు చేసేవి చెబుతారు, గోడకి కాళ్లు ఆనించి పడుకోవడమో, మామూలు ప్రాణాయామమో. “ఏం కాదమ్మా, చేస్తుంటే బీపీనే పోతుంది” అంటే లేచి వచ్చేయమనండి. మాత్ర మానమని చెప్పేవాళ్లయితే ఇక చెప్పేదేముంది. శవాసనం నుంచి ఒక్కసారిగా లేవకుండా పక్కకి తిరిగి, కాసేపు ఆగి లేవాలి, బీపీ మాత్ర వాడేవాళ్లకి గభాలున లేస్తే కళ్లు తిరగొచ్చు.

మీరూ వెళ్తానంటే మోకాలి సంగతి. వజ్రాసనం, పద్మాసనం బలవంతాన వేయకండి. సుఖాసనంలో కూర్చున్నా, మోకాళ్లు నేలకి తగలడం లేదని పైనుంచి నొక్కనివ్వకండి. తుంటి తిరగకపోతే ఆ మెలిక మోకాలి మీదకే వస్తుంది. కింద దుప్పటి మడత వేసుకుని తుంటి ఎత్తు పెంచితే సరిపోతుంది. ముందుకు వంగే ఆసనంలో వెనకనుంచి వీపు నొక్కే అలవాటున్న టీచరు దగ్గర జాగ్రత్త, తొడ వెనక కండరం పిరుదు ఎముక దగ్గర పట్టేస్తే నెలల తరబడి కూర్చోవడమే కష్టమవుతుంది. హాల్లో చాపల మధ్య జాగా కూడా చూడండి. చేతులు చాపితే పక్కవాళ్లకి తగిలేంత దగ్గరగా వేస్తే, టీచరు నడిచి వచ్చి ఎవరినీ సరిదిద్దలేరు. ఆయుష్ మంత్రిత్వశాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్షలు పెడుతుంది, ఆ ధ్రువపత్రం ఉందా అని అడగడంలో తప్పులేదు. అయితే పత్రం కన్నా పైన చెప్పిన బీపీ ప్రశ్నకి వచ్చే జవాబే నమ్మకమైన కొలత.

ఇప్పుడు పార్కు. మీరు బయల్దేరే గంట ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. హైదరాబాద్‌లో జూన్‌లో సూర్యోదయం ఇంచుమించు పావుతక్కువ ఆరుకి, జనవరిలో పావుతక్కువ ఏడుకి. జూన్‌లో ఐదున్నరకి నిశ్చింతగా నడిచిన దారే జనవరిలో అదే టైమ్‌కి కటిక చీకటి. చలికాలం ఇంకో కారణం కూడా ఉంది. నేల దగ్గర చల్లగాలి మీద వెచ్చటి గాలి మూతలా కూర్చోవడంతో రాత్రంతా పొగా దుమ్మూ కిందే నిలిచిపోతాయి, ఎండెక్కాకే పైకి లేస్తాయి. మీకు దగ్గరగా సనత్‌నగర్‌లోనే గాలి నాణ్యత కొలిచే స్టేషన్ ఉంది, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సమీర్ యాప్‌లో దాని అంకె చూసుకోవచ్చు. 100 లోపైతే ఆలోచించక్కర్లేదు. 200 దాటిన రోజు బయటి నడక మానేసి ఇంట్లోనో జిమ్‌లోనో కానివ్వండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నడకని ఏడింటి తర్వాతకి జరపడమే రెండు చిక్కులకీ మందు. అప్పుడు పోనురాను 70 నిమిషాలు మీకు బిగుతవుతుంది, బండి మీద వెళ్లాల్సిన కాలం అదే.

ట్రాక్ మీద వేగం ఉందో లేదో తేల్చడానికి పరికరాలు అక్కర్లేదు. నిమిషానికి ఇంచుమించు 100 అడుగులు పడితే గట్టి నడక. 15 సెకన్లు లెక్కపెడితే 25 రావాలి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఈ వేగం ఆ ట్రాక్ మీద నిలుస్తుందా అన్నదే అసలు పరీక్ష. చాలా పార్కుల్లో దారి నాలుగడుగుల వెడల్పే ఉంటుంది, ముగ్గురు పక్కపక్కన కబుర్లతో నడుస్తుంటే మీరు వెనకే పాకాలి. పెద్ద పార్కుల్లోనూ తేడాలుంటాయి. కేబీఆర్ పార్కు చుట్టూ బయటి దారి ట్రాఫిక్ రోడ్డుని ఆనుకునే సాగుతుంది, లోపలి దారి చెట్ల మధ్య మట్టిది. పేరు ఒకటే, పీల్చే గాలి వేరు. మోకాలికి మట్టి దారి మంచిదే, కానీ ముఖ్యంగా చూడాల్సింది ఎగుడుదిగుడు. చెట్ల వేళ్లు పేవర్ బ్లాకుల్ని అంగుళం పైకి లేపిన చోట, గేటు దగ్గర నున్నటి టైల్స్ వేసిన ర్యాంపు మీద, నీడ పడి పాచి పట్టిన మలుపు దగ్గర జనం పడుతుంటారు. వాన పడిన మర్నాడు ఒకసారి వెళ్లి చూస్తే ట్రాక్ బండారమంతా బయటపడుతుంది. వానలో దీపస్తంభాల్ని, తలుపు ఊడిన కరెంటు పెట్టెల్ని తాకకండి. ఒకే వైపు తిరగడం అలవాటు చేసుకోకుండా రోజు మార్చి రోజు ఎదురు దిశలో తిరగండి, చిన్న ట్రాకుల్లో ఇది మోకాలికి తేడా చూపిస్తుంది.

కుక్కల విషయం దాటేయలేం. చెత్త కుప్పలు, మాంసం దుకాణాల దగ్గర తెల్లవారుజామున గుంపులుగా ఉంటాయి. ఆ రెండూ లేని వీధిగుండా దారి మార్చుకోవడమే సగం పరిష్కారం. వెంటపడితే పరుగెత్తకండి, కళ్లలోకి చూడకుండా నిలబడి, పక్కకి మెల్లగా తప్పుకోండి. కరిస్తే, గీరినా సరే, కొళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకాకి వెళ్లండి. నారాయణగూడ ఐపీఎం, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఇందుకే పేరున్నవి. మీ ఆవిడ వచ్చే రోజు మెడలో గొలుసు ఇంట్లో ఉంచి రమ్మనండి. ఫుట్‌పాత్ లేని చోట ఎదురుగా వచ్చే బండ్లు కనపడేలా కుడి వైపున నడవండి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు.

మీకైతే ఇలా మొదలుపెట్టమంటాను: సోమ, గురువారాలు రాత్రి జిమ్, మూణ్ణెల్ల ప్యాక్. మంగళ, శుక్ర, శని, ఆదివారాలు పొద్దున పార్కు నడక. నాలుగు రోజులు నలభై నిమిషాలంటే 160, మీ 150 దాటినట్టే. వీలున్నప్పుడల్లా రాత్రి భోజనం తర్వాత వీధిలోనో మేడ మీదో ఒక పావుగంట నడవండి, తిన్నాక పెరిగే షుగరుని తగ్గించడంలో ఇది చవకైన పని. జిమ్ సోమవారం పరీక్షలో తప్పితే, ఆ రెండు రోజులూ ఇంట్లో కుర్చీ మీంచి లేచి కూర్చోవడం, గోడకి చేతులు ఆనించి పుషప్‌లు, నీళ్ల సీసాలతో చేతుల పని చేయండి, ఇంకో జిమ్ దొరికేదాకా అది సరిపోతుంది. మీ ఆవిడకి నెల చొప్పున యోగా, శని ఆదివారాలు మీతో నడక. ఆమె బీపీ మొదలుపెట్టే ముందు ఒకసారి చూపించి, అదుపులో ఉందని తెలిశాకే క్లాసు. మీకు తర్వాత షుగరు మాత్ర రాశారంటే, పేరు అడిగి తెలుసుకోండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే నడకలో షుగరు పడిపోవడం అరుదు, గ్లైమిపిరైడ్ లాంటిదైతే జేబులో నాలుగు చెంచాల గ్లూకోజు పొట్లం ఉండాలి. నడుస్తుంటే ఛాతీ బరువెక్కి, ఆగితే తగ్గుతుంటే, అది గ్యాస్ అనుకోకుండా ఆ రోజే ఈసీజీ తీయించుకోండి.